తీసేసిన మొదటి వాక్యం

ఉమ్ మిస్బాహ్‌కి కొడుకు చనిపోయాడని తెలియదు. తెలియకుండానే ఆవిడకి వైద్యం పూర్తి చేయించాలి. మా వాట్సాప్ గ్రూపుకి ఉన్న పని మొత్తం ఇంతే. కానీ గ్రూపంతా వెతికినా ఈ ముక్క ఒక్కచోట ఇలా రాసి కనబడదు.

ఆ గ్రూపు పెట్టింది ఆ కొడుకే. తల్లికి రొమ్ము కేన్సరని తేలిన రోజున పెట్టాడు. అందులో ఆ కొడుకు మిస్బాహ్, వాడి చెల్లెలు హనాదీ, మందుల షాపు నఖ్లే, నేను. నన్నెందుకు చేర్చాడంటే నాకు వ్యాన్ ఉంది. మా రేవు ఊరు మీనాలో దొరకని మందు రాజధాని బేరూత్‌లో ఎక్కడైనా దొరికితే మోసుకొచ్చేది నేను. ఆవిడని ఆసుపత్రికి తిప్పేది నేను. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఈ దేశం ఇంతకంటే పెద్ద పదవి ఇవ్వదు.

ఆర్నెల్లలో ఆ గ్రూపు ఎంత పెరిగిందంటే, వేలితో పైకి తోస్తూ పోతే వేలు నొప్పెట్టాలి గానీ మొదలు రాదు. పొద్దున్నే నఖ్లే పంపే గులాబీ బొమ్మలు. శుక్రవారం దీవెనలు. కరెంటు పోయిందని తిట్లు, వచ్చిందని తిట్లు. వాటి మధ్యలో, బియ్యంలో రాళ్లలాగా, అసలు సంగతులు. ఏ ఇంజెక్షన్, ఎంత, ఎప్పుడు, ఎవరిని అడగాలి.

మిస్బాహ్ పోయిన సంగతీ అలాగే వచ్చింది. "రాత్రికి పడవెక్కుతున్నా, అమ్మకి ఇటలీ చేరాక చెబుదాం" అని వాడు రాశాడు. తర్వాత హనాదీ పెట్టిన ప్రశ్న గుర్తులు, వరసగా. "దేవుడున్నాడమ్మా" అని నఖ్లే. కొన్నాళ్లకి ఎవరో పంపిన ఫోటో, తడిసిన నీలం చొక్కా. దాని కింద హనాదీ, "కాలరు నేనే కుట్టాను." ఆ కింద నేను పెట్టింది ఏమిటో తెలుసా? ఏమీ లేదు. ఒక చుక్క. ఏం రాయాలో తోచక పెట్టిన చుక్క. మర్నాడు పొద్దున్న హనాదీయే రాసింది, "అమ్మకి ఇవాళ జ్వరం లేదు." అంతే. గ్రూపు మళ్లీ నడవడం మొదలైంది.

చెప్పకూడదన్నది హనాదీ నిర్ణయం. మేమంతా సరేనన్నాం. మొగుడు పోయినప్పుడు ఉమ్ మిస్బాహ్ గోడవైపు తిరిగి పడుకుంది. నెల్లాళ్లు నోట్లో ముద్ద పెట్టించుకోలేదు. అప్పుడు ఒళ్లు బాగుంది కాబట్టి బతికింది. ఇప్పుడు సూది పొడిచిన ప్రతిసారీ ఒకటే మాట అంటుంది.

"పొడువమ్మా, పొడువు. వాడు ఫోన్ చేసేదాకా నేనుండాలి కదా."

ఇటలీలో శిబిరంలో ఉన్నాడని, అక్కడ ఫోన్లు లాక్కుంటారని చెప్పాం. అప్పుడప్పుడు హనాదీ వాడు పంపినట్టుగా ఒక కబురు అల్లి చదివి వినిపించేది. ఆవిడకి చదువు రాదు. అదొక్కటే మాకు కలిసొచ్చింది.

ఇంతలో నా వెన్ను విరిగింది. విరిగిందంటే ఎముక కాదు, లోపల మెత్తటిది ఏదో జారి నరం మీద కూర్చుందట. ముప్పై ఏళ్లు ఆ వ్యాన్ సీటులో కూర్చుంటే కూర్చోదా మరి. కోసి తీయాలన్నారు, తర్వాత నెల్లాళ్లు కదలకూడదన్నారు. ఉమ్ మిస్బాహ్‌కి అప్పటికి ఇంకా రెండు కీమోలు మిగిలున్నాయి, ఇంజెక్షన్లకి ఆసుపత్రికి తిప్పడానికి నేనుండను. హనాదీకి మిఠాయి కార్ఖానాలో పొద్దుట్నించి సాయంత్రం దాకా పని. అక్కడ ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టెలో పెట్టించుకుంటారు.

నఖ్లే తనకి తెలిసిన ఒక నర్సుని పట్టుకొచ్చాడు. పేరు రబాబ్. అక్కార్ కొండల నుంచి ఈమధ్యే మీనాకి దిగింది. ఆస్పత్రి జీతం చాలక ఇళ్లకి వెళ్లి సూదులు వేస్తుంది. గ్రూపులో చేర్చాం. చేర్చగానే ఆ పిల్ల రాసిన మొదటి మాట, "నాకు పాత మెసేజులేవీ కనబడటం లేదు. ఎవరైనా మొత్తం క్లుప్తంగా రాసి పంపగలరా?"

నఖ్లే జవాబు, "ఖుదర్ రాస్తాడు. మంచం మీద పడుకునే ముందు ఆయనకి పనేముంది?"

"షాపులో ఈగలు తోలుకునేవాడికంటే ఎక్కువే ఉంది," అని రాశాను. రాసి, పనికి కూర్చున్నాను.

రేవు దగ్గర కాఫీ కొట్టులో ఒక మూల కూర్చుని మొదటి నుంచీ చదివాను. తోస్తూ పోయి మిస్బాహ్ మొదటి మెసేజు దగ్గరికి చేరాను. చదవడం తేలికే, తీసేయడమే కష్టం. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ డోసు మొదట ఒకటి రాసి ఉంది, రెండు నెలల తర్వాత డాక్టరు తగ్గించాడు. తగ్గించిన సంగతి రాతలో లేదు, నఖ్లే పంపిన ఆడియోలో ఉంది, అదీ ఆలివ్ నూనె ధర మీద వాడు చేసిన ఉపన్యాసం చివర్లో. పైపైన చదివినవాడు పాత డోసే రాసేవాడు. అందుకని ఆడియోలన్నీ మళ్లీ విన్నాను. గడియారం స్తంభం దగ్గరి షాపులో దొరికింది నకిలీ మందని ఒకచోట తేలింది. అది రాయకపోతే కొత్త మనిషి చవగ్గా వస్తుందని మళ్లీ అక్కడికే పోతుంది. "తెస్తాను" అన్నవాటినీ "తెచ్చాను" అన్నవాటినీ వేరు చేశాను. మన దగ్గర ఆ రెండూ ఒకే గొంతుతో చెబుతారు కదా. ఏది అయింది, ఏది కాలేదు, ఏది ఎవరి చేతిలో ఉంది. అంతే మిగలాలి.

మిస్బాహ్ రాసినవాటిలో ఒక్కటీ మిగల్లేదు. "నేను డబ్బు పంపుతా." "నేను డాక్టరుతో మాట్లాడతా." "ఎండాకాలానికి అమ్మని నా దగ్గరికి తెచ్చుకుంటా." ఇప్పుడు పనికొచ్చేది ఒక్కటీ లేదు. వాడు పెట్టిన గ్రూపులోంచి వాడినే ఏరి పారేశాను. కొట్టువాడు కాఫీ చల్లారిందని మార్చి ఇచ్చాడు. అదీ చల్లారింది.

చివరికి ఫోన్ తెరలో ఒకసారికి పట్టేంత తయారైంది. ఇది నేను రాసింది.

"మిస్బాహ్ చనిపోయాడు. అమ్మకు తెలియదు. ఇటలీలో ఉన్నాడనుకుంటోంది, తెలిస్తే వైద్యం మానేస్తుంది, ఎవరూ చెప్పకూడదు.

కీమో ఇంకా రెండుసార్లు. కీమో రోజున ఇంజెక్షన్ వేయకూడదు, మర్నాటి నుంచి ఐదు రోజులు, రోజుకొకటి, పొద్దున పూట. పెద్ద డోసు రద్దయింది, ఇప్పుడు చిన్నదే. పొట్ట మీద వేయాలి, ఆపరేషన్ అయిన వైపు చేతికి సూది తగలకూడదు. ఆ ఇంట్లో ఫ్రిజ్ నడవదు, మందు నఖ్లే ఫ్రిజ్‌లో ఉంటుంది. ఐసు పెట్టెలో తీసుకెళ్లాలి, గుడ్డ చుట్టాలి, ఐసుకి తగిలి గడ్డకడితే పారేయాల్సిందే, వేడెక్కినా అంతే. గడియారం స్తంభం షాపులో కొనొద్దు, నకిలీది. కీమో రోజున కారులో పాత రైలు స్టేషను వైపు నుంచి తీసుకెళ్లాలి, సముద్రం వైపు వద్దు, పడవలో పోయినవాళ్ల బొమ్మలు అక్కడ కట్టారు, మిస్బాహ్ బొమ్మ కూడా ఉంది. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రి. ఏ నిర్ణయమైనా హనాదీదే. కాఫీ ఇస్తే తాగాలి, లేకపోతే ఊరుకోదు."

గ్రూపులో పెట్టే ముందు హనాదీకి చూపించాలనిపించింది. కార్ఖానా భోజనాల వేళకి వ్యాన్ అక్కడ ఆపాను. చేతులకి పంచదార పిండితో వచ్చి, నా పక్క సీట్లో కూర్చుని, ఫోన్ మణికట్ల మధ్య పెట్టుకుని చదివింది.

"డోసు సరిగ్గానే ఉందా తల్లీ?" అన్నాను.

"డోసు సరిగ్గానే ఉంది బాబాయ్."

"మరి?"

"మొదటి వాక్యం తీసేయ్."

"అది తీసేస్తే మిగిలినదంతా దేనికి?"

"నేను ఇంతవరకూ ఆ మాట రాయలేదు. నాలుక మీదకి కూడా రానివ్వలేదు. నువ్వు తెచ్చి పైన పెట్టావు, బోర్డు కట్టినట్టు. రెండే మాటలు! ఆర్నెల్ల గ్రూపులో వాడెక్కడో ఒకచోట ఉన్నాడు అనిపిస్తుంది నాకు. రాత్రిళ్లు పైకి తోస్తూ పోయి వాడి మాటలు చదువుకుంటా. నీ రాతలో వాడేడీ? చచ్చిపోయినవాడిగా తప్ప ఎక్కడా లేడు."

"కొత్తమ్మాయికి పని తెలియాలి కదా అమ్మా. వాడి చెల్లెలివి నువ్వు, నీకోసం కాదు ఇది."

"రాసింది నిలబడిపోతుంది బాబాయ్. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఇంకెవరికో పంపుతుంది, వాళ్లింకెవరికో. మీనా ఎంతుందని? సాయంత్రానికి మా మెట్ల కింద ఆడవాళ్లు నల్లబట్టలతో ఉంటారు. నోటితో చెప్పు. నువ్వే ఆ అమ్మాయిని కలిసి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పు. రాయకు."

హనాదీ అన్నది అబద్ధమేమీ కాదు. మీనా అంతే ఉంటుంది. ఏ నిర్ణయమైనా హనాదీదే అని రాసింది కూడా నేనే. సరేనన్నాను. ఆమె కళ్లముందే తీసేశాను, అమ్మకు తెలియదన్నదీ, ఎవరూ చెప్పకూడదన్నదీ దాంతోపాటే. బొమ్మల సంగతి కూడా తీయించింది. "సముద్రం వైపు వద్దు" వరకు ఉంచింది. మొదటి వాక్యం ఉన్నచోట ఇలా పెట్టాను, "మొదటిసారి ఇంట్లోకి వెళ్లే ముందు హనాదీతో గానీ ఖుదర్‌తో గానీ మాట్లాడాలి."

ఎందుకు మాట్లాడాలో అందులో లేదు. ఎందుకు సముద్రం వైపు వద్దో కూడా లేదు. ఐసు గురించి మాత్రం కారణాలతో సహా ఉంది.

రబాబ్‌ని గురువారం కలవాలి అనుకున్నాం, శుక్రవారం నుంచి ఆమె పని మొదలు. ఆసుపత్రి వాళ్లు బుధవారమే ఫోన్ చేశారు. "జనరేటర్‌కి డీజిల్ రేపటికే ఉంది, వస్తే రేపు రా, లేకపోతే వచ్చే నెల." ఆ నొప్పితో వచ్చే నెల దాకా ఆగగలిగినవాడెవడో ఆ డీజిల్ అమ్ముకునేవాడే అయ్యుంటాడు. వెళ్లి పడుకున్నాను. రబాబ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు, డ్యూటీలో ఉంది. "నాతో మాట్లాడకుండా వెళ్లకు" అని గ్రూపులో మళ్లీ పెట్టాను. సరేనన్నట్టు ఆమె బొటనవేలి బొమ్మ పెట్టింది. శుక్రవారం పొద్దున్నకి నేను మత్తులోనే ఉన్నాను.

తర్వాత జరిగింది రబాబ్ నాకు చెప్పింది. ఆసుపత్రిలో నా మంచం పక్కన నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా.

ఆమె చేయాల్సిందంతా చేసింది. నఖ్లే దగ్గర మందు తీసుకుంది, నేను చెప్పే ఉంటానని వాడు ఆ ఊసెత్తలేదు, గుడ్డ చుట్టింది, ఐసుకి తగలకుండా పెట్టింది. సముద్రం వైపు నుంచే నడిచి వచ్చింది. కారులో తీసుకెళ్లేది పేషంటుని కదా, తనకేం అనుకుంది. దారిలో ఆ బొమ్మల గుడ్డ కనబడింది. వరసగా ముఖాలు, కింద పేర్లు, తండ్రుల పేర్లు, ఇంటిపేర్లు. మిస్బాహ్ ముఖం కింద ఉన్న ఇంటిపేరు, తన ఫోన్లో పేషంటు పేరు పక్కనున్నదీ ఒకటే. ఉమ్ మిస్బాహ్. మిస్బాహ్ తల్లి. అక్కడే ఆగి, పోయినవాళ్ల కోసం ఫాతిహా చదివింది. మంచి పిల్ల.

మెట్ల దగ్గర హనాదీకి ఫోన్ చేసింది. హనాదీ ఫోన్ కార్ఖానా పెట్టెలో ఉంది. నాకు చేసింది. నా ఫోన్ దిండు కింద ఉంది, నేను ఈ లోకంలో లేను. నఖ్లేకి చేద్దామనుకుంది, ఎవరితో మాట్లాడాలో రాసినచోట ఆ పేరు లేదు. హనాదీ గానీ ఖుదర్ గానీ అని ఉంది. పెట్టెలో ఐసు కరుగుతోంది. వేడెక్కితే పారేయాల్సిందే అని ఉంది. పొద్దున పూటే వేయాలని ఉంది. "ఎందుకో కాళ్లు ముందుకు పడలేదు అన్నా, కిందే నిలబడ్డాను," అంది. నిలబడే ఉండేదేమో. పైన తలుపు తెరుచుకుంది.

"ఎవరమ్మా కింద? సూది పిల్లవా?" ఉమ్ మిస్బాహ్ గొంతు.

"అవును హజ్జా," అంది రబాబ్, పెద్దావిడల్ని పిలిచినట్టు.

"మెట్ల మీద నిలబడ్డావేంటి బిడ్డా, అప్పులవాడిలాగా? రా, కాఫీ పొయ్యి మీద పెట్టాను."

వెళ్లింది. తల మీద గుడ్డ లేదు ఆవిడకి, జుట్టూ లేదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. గోడ మీద మిస్బాహ్ ఫోటో ఉంది, నల్ల పట్టీ లేదు. తల్లి ఇంకా కట్టలేకపోయి ఉంటుంది అనుకుంది రబాబ్. చావు జరిగిన ఇంట్లో ఆ మాట అనకుండా ఎవరు కూర్చుంటారు? కాఫీ చేతికి తీసుకోబోతూ అనాల్సిన మాట అనేసింది. మా అమ్మయినా అనేది. నేనయినా అనేవాణ్ణి.

"దేవుడు మీ బాబుని కరుణించాలి హజ్జా. మిగిలినవాళ్లకైనా ఆయన ఆయుష్షు ఇవ్వాలి."

"ఏ బాబు?" అందట ఆవిడ.

రబాబ్ నా మంచం కమ్మీ పట్టుకుని మిగతాది చెప్పింది.

"ఆవిడ ఏ బాబు అనగానే నాకు అర్థమైంది అన్నా. సముద్రం వైపు వద్దు అని ఎందుకుందో, హనాదీతో మాట్లాడాలి అని ఎందుకుందో, అన్నీ ఒక్కసారే. వెనక్కి తీసుకుందామని చూశాను. పక్కింటి బాబు అనబోయాను. అబద్ధం నాకు సరిగ్గా రాదు. నా మొహం చూసి కాఫీ కప్పు నా చేతిలోంచి తీసుకుంది. మెల్లగా. ఒక్క చుక్క ఒలకలేదు."

"అరిచిందా?"

"లేదు. పొయ్యి ఆపింది. 'ఆ మందు పెట్టెలో ఉందా?' అంది. ఉందన్నాను. 'కొడుకు ఉన్నవాళ్లకి ఇవ్వమ్మా, పాడవకముందే' అంది. వెళ్లి పడుకుంది."

"గోడవైపు తిరిగి."

"నీకెలా తెలుసు?"

ఆమె ఫోన్ తీసి నా ముందు పెట్టింది. నేను రాసింది తెర మీద ఉంది.

"అన్నీ ఉన్నాయి ఇందులో. ఐసు ఉంది, డోసు ఉంది, కాఫీ తాగాలని కూడా ఉంది. ఇది ఒక్కటి ఎందుకు లేదు అన్నా? నేను రెండుసార్లు చదివాను, నీ మీద ఒట్టు. ఒక్క ముక్క రాస్తే నా నోరు కుట్టేసుకునేదాన్ని కదా."

హనాదీ తీయించిందని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆ పిల్లకి మోయడానికి ఉన్నది చాలు, ఈ పిల్లకి ఇంకో మనిషి మీద కోపం ఇచ్చి నేనేం బావుకుంటాను? "చోటు చాలలేదమ్మా," అన్నాను. తెర మీద కింద సగం ఖాళీగా ఉంది. రబాబ్ దానికేసి చూసింది, నాకేసి చూసింది, ఫోన్ సంచిలో వేసుకుంది.

ఆ రోజు ఇంజెక్షన్ నఖ్లే ఫ్రిజ్‌కి తిరిగి వెళ్లింది. మర్నాటిది బయటికే రాలేదు. హనాదీ పని మానేసి తల్లి మంచం పక్కన కూర్చుంది. డాక్టరు ఫోన్లో అరిచాడు, రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, ఏ చిన్న జ్వరమైనా మింగేస్తుంది అని. నఖ్లే వెళ్లి బతిమాలాడు. మసీదు షేక్ వెళ్లి బతిమాలాడు. నేను ఫోన్‌ని ఆవిడ చెవి దగ్గర పెట్టించి బతిమాలాను. "ఖుదర్," అంది ఒక్కసారి, "స్టేషను వైపు నుంచి ఎందుకు తిప్పేవాడివో ఇప్పుడు తెలిసింది. పెట్రోలు దండగ చేశావు నాయనా."

మూడో రోజున జ్వరం వచ్చింది. ఆసుపత్రికి రానంది.

నా వెన్ను కోసిన డాక్టరు ఫోన్ చూడొద్దన్నాడు, మెడ వంచకూడదట. ఫోన్‌ని తలకి పైన ఎత్తిపట్టి చూస్తున్నాను. గ్రూపులో నఖ్లే గులాబీలు పెట్టడం మానేశాడు. ఆ సాయంత్రం రబాబ్ రాసింది. "పక్క వీధిలో ఇంకో నర్సు రాత్రిపూట ఉంటానంది. ఆమెకి కూడా మొత్తం తెలియాలి. ఆ క్లుప్తం ఎవరైనా మళ్లీ రాసి పంపుతారా?"

పైన "హనాదీ టైప్ చేస్తోంది" అని వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది. చాలాసేపు అలా వచ్చిపోతూనే ఉంది. పెద్దదేదో రాస్తోంది అనుకున్నాను, నన్ను తిడుతూనో, ఆ పిల్లని తిడుతూనో.

నేను రాసిందే తీసుకుని పైన ఒక వరస చేర్చి పెట్టింది. డోసు, ఐసు, పొట్ట మీద, ఆ చేతికి వద్దు, అన్నీ అలాగే ఉన్నాయి, ఇక అవి ఎవరికీ అక్కర్లేకపోయినా. పైన చేర్చింది నేను తీసేసిన వాక్యమే. ఒక్క మాట మార్చింది.

"మిస్బాహ్ చనిపోయాడు. అమ్మకు తెలుసు."